ఆ తర్వాతి ముప్పై సెకన్లు

పానిక్ డిజార్డర్‌కి మిషెల్ క్రాస్కీ, డేవిడ్ బార్లో రూపొందించిన చికిత్సా విధానంలో ఒక చిన్న సూచన ఉంటుంది. పేషెంటు చేత గుండెదడనో, కళ్ళు తిరగడాన్నో కావాలని తెప్పిస్తున్నప్పుడు, అది మొదలైన క్షణంలో చెయ్యి ఎత్తమంటారు. చెయ్యి లేచింది కదా అని వ్యాయామం ఆపరు. అక్కణ్ణించి కనీసం మరో ముప్పై సెకన్లు కొనసాగిస్తారు. చదివేటప్పుడు ఇది మామూలు వివరంలా దాటిపోతుంది. నలుగురైదుగురికి చేయించాక తెలుస్తుంది, ఇంటెరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ అనే ఈ పద్ధతిలోని పనితనమంతా ఆ అర నిమిషం చుట్టూనే అల్లుకుని ఉందని.

దడకి భయపడే మనిషికి దడ కొత్త కాదు. రోజూ వస్తూనే ఉంటుంది. రోజూ వచ్చే దానికి అలవాటు పడిపోవాలి కదా, ఎందుకు పడడు? దడ మొదలవగానే ఏదో ఒకటి చేసేస్తాడు గనక. కూర్చుంటాడు, గోడ పట్టుకుంటాడు, నీళ్ళు తాగుతాడు, మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకుంటాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు. కాసేపటికి దడ తగ్గుతుంది. తనంతట తనే తగ్గేది కాస్తా, కూర్చోవడం వల్ల తగ్గినట్టు లెక్కలో పడుతుంది. వందసార్లు వచ్చినా వందసార్లూ "కూర్చోబట్టి సరిపోయింది" అన్న పాఠమే మిగులుతుంది. పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో ఈ రక్షణ చేష్టల సంగతి స్పష్టంగా రాశాడు. పేషెంటు తను భయపడేది జరుగుతుందో లేదో చూసే అవకాశాన్ని ప్రతిసారీ చివరి క్షణంలో పోగొట్టుకుంటున్నాడు. క్రాస్కీ, బార్లోల ముప్పై సెకన్లు సరిగ్గా ఆ పోగొట్టుకున్న భాగాన్ని తిరిగి చేతిలో పెడతాయి.

ఈ పద్ధతి పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. 1967లో పిట్స్, మెక్‌క్లూర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆందోళన రోగులకు సోడియం లాక్టేట్ ఎక్కించి చూశారు. చాలామందికి అచ్చంగా పానిక్ అటాకే వచ్చింది. తర్వాతి కాలంలో కార్బన్ డయాక్సైడ్ పీల్పించినా అదే జరిగింది. ఇది రక్తంలోని రసాయన లోపానికి రుజువని చాలామంది అనుకున్నారు. 1980లలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో గ్రీజ్, వాన్ డెన్ హౌట్‌లు, అమెరికాలో ఆల్బనీలో బార్లో బృందం దీన్ని తిరగేసి చూశారు. పానిక్‌ని ఇంత నమ్మకంగా తెప్పించగలిగితే, దాన్నే మందుగా వాడొచ్చు కదా అన్నది వాళ్ళ ప్రశ్న. డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన మాట దీనికి ఆధారంగా నిలిచింది. ఒంట్లో కలిగే మామూలు మార్పుని రాబోయే ప్రమాదంగా అర్థం చేసుకోవడం వల్ల భయం, భయం వల్ల ఒంట్లో ఇంకాస్త మార్పు, అది చూసి మరింత భయం. 1989 నాటికి బార్లో బృందం తమ చికిత్స ఫలితాలు ప్రచురించింది. గ్యాసూ సూదులూ పక్కకెళ్ళి ఒక స్ట్రా, తిరిగే కుర్చీ, స్టాప్‌వాచ్ మిగిలాయి. మన ఊళ్ళలో చిన్న గదిలో కూర్చుని పనిచేసే సైకాలజిస్టుకి కూడా ఇది అందుబాటులో ఉందంటే ఆ సరళత వల్లే.

ఇక్కడ ఒక కేసు తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మన దగ్గర తరచుగా కనిపించే తీరుని కలిపి కట్టినది. ముప్పై ఆరేళ్ళ స్కూలు టీచరు. ఏప్రిల్ మధ్యాహ్నం బోర్డు మీద లెక్క రాస్తుంటే గుండె దడదడా కొట్టుకుని, కళ్ళ ముందు అంతా తిరిగినట్టయింది. కుర్చీలో కూలబడింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ బాగానే ఉన్నాయి. "గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పడకండి" అని పంపేశారు. ఎనిమిది నెలలు గడిచాయి. ఆమె ఇప్పుడు కూర్చునే పాఠం చెబుతోంది. పై అంతస్తు క్లాసులు వదులుకుంది. కాఫీ మానేసింది. బంధువొకాయన ఇచ్చిన సార్బిట్రేట్ మాత్రల పట్టీ పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. కొవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ రోజుకి ఎన్నిసార్లు వేలికి తగిలిస్తుందో ఆమెకే తెలియదు.

ఇలాంటి మనిషి "దడ వస్తే భయం" అంటే దాంతో సరిపెట్టుకోకూడదు. భయం వెనకాల ఏ సంఘటన ఉందో బయటికి లాగాలి. ఈమె విషయంలో రెండున్నాయి. దడ కొన్ని నిమిషాలు ఆగకుండా ఉంటే గుండె ఆగిపోతుందన్నది ఒకటి. కళ్ళు తిరిగినప్పుడు కూర్చోకపోతే స్పృహ తప్పి పిల్లల ముందు పడిపోతానన్నది రెండోది. ఈ రెండూ వేరువేరు భయాలు. మొదటిదాన్ని పరీక్షించే వ్యాయామం రెండోదాన్ని తాకదు. కూర్చోబెట్టి హైపర్‌వెంటిలేషన్ ఎంతసేపు చేయించినా "నిలబడితే పడిపోతాను" అన్న నమ్మకానికి గీత కూడా పడదు. కొన్నాళ్ళుగా ఎక్స్‌పోజర్ చేయిస్తున్నాం, ఫలితం లేదు అని ఎవరైనా అంటే, నేను మొదట అడిగేది ఇదే: పేషెంటు ఏమవుతుందని భయపడుతున్నాడు, మీరు చేయించే వ్యాయామంలో అది జరిగే వీలుందా?

మొదటి సెషన్‌లో చేసే పని ఎంపిక. తల అటూ ఇటూ ఊపడం ముప్పై సెకన్లు, తల మోకాళ్ళ మధ్య పెట్టి చటుక్కున ఎత్తడం, ఉన్నచోటే పరుగు ఒక నిమిషం, ఊపిరి బిగబట్టడం ముప్పై సెకన్లు, కుర్చీలో గిరగిరా తిరగడం ఒక నిమిషం, వేగంగా లోతుగా ఊపిరి పీల్చడం ఒక నిమిషం, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో పీల్చడం రెండు నిమిషాలు. ప్రతిదాని తర్వాతా మూడు అంకెలు అడుగుతారు, సున్నా నుంచి పది దాకా. ఒంట్లో తెలిసిన తీవ్రత ఎంత, భయం ఎంత, మీకు మామూలుగా వచ్చే అటాక్‌కి ఇది ఎంత దగ్గరగా ఉంది.

ఈ మూడు అంకెలని విడదీసి అడగడం నాకు ఎంతో నచ్చిన పనితనం. ఒక్క అంకె అడిగితే పేషెంటు అన్నీ కలిపి "ఎనిమిది" అంటాడు, ఆ ఎనిమిదిలో ఏముందో తెలియదు. మా టీచరుగారికి కుర్చీ తిప్పుడు తీవ్రత ఎనిమిది, భయం మూడు, పోలిక మూడు. తల బాగా తిరిగింది గానీ "ఇది వేరే రకం తిరుగుడండీ, చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినట్టుంది" అంది. నిజానికి అది వేరేదే. కుర్చీ ఆగినా లోపలి చెవి కాలువల్లోని ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది, అందుకే గది తిరుగుతుంది. వేగంగా ఊపిరి పీల్చడంలో తీవ్రత ఏడు, భయం ఎనిమిది, పోలిక తొమ్మిది. ఉన్నచోటే పరుగులో ఆరు, ఆరు, ఏడు. స్ట్రాలో నాలుగు, రెండు, రెండు. ఇక దారి స్పష్టం. హైపర్‌వెంటిలేషన్ పడిపోవడం గురించి, పరుగు గుండె గురించి. మిగతావి వదిలేయొచ్చు. పుస్తకంలో ఉన్నాయి కదా అని అందరికీ అన్నీ చేయించే అలవాటు ఈ పద్ధతిని డ్రిల్లుగా మార్చేస్తుంది.

వ్యాయామానికి ముందు ఒంట్లో ఏం జరుగుతుందో కొంత చెప్పాలి. కొంతే చెప్పాలి. వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానికి మెదడులోని రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, అందువల్ల తల తేలిపోయినట్టుంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆపిన రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. సాధారణంగా సొమ్మసిల్లడానికి రక్తపోటు పడిపోవాలి, భయంలో అది పెరుగుతుంది. ఈ వివరణ మొత్తం నాలుగైదు నిమిషాలు. అంతకు మించి చెప్పడమంటే పడిపోరని ముందే హామీ ఇచ్చేయడమే. అప్పుడు వ్యాయామంలో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, మన మాట నమ్మడమొక్కటే మిగులుతుంది. "ఏమీ కాదమ్మా, నేనున్నానుగా" అనడం మనకి పుట్టుకతో వచ్చిన మర్యాద. ఈ గదిలో అది కూడా ఒక సార్బిట్రేట్ మాత్రే.

రెండో సెషన్ ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. కుర్చీలు గోడ దగ్గరికి జరిపారు. టీచరు గది మధ్యలో నిలబడింది. థెరపిస్టు మూడడుగుల దూరంలో ఉంది, చెయ్యందేంత దగ్గరగా కాదు.

"ఇలా పీలుస్తూ నిలబడితే ఏమవుతుందంటారు?"

"పడిపోతాను మేడమ్."

"పడిపోవడమంటే, తూలడమా, స్పృహ తప్పడమా?"

"స్పృహ తప్పి కింద పడటం. ఆ రోజు అంతే అయ్యేది, కూర్చోబట్టి సరిపోయింది."

"ఎంతసేపట్లో?"

"ఒక నిమిషం దాటితే."

"వందకి ఎంత నమ్మకం?"

"ఎనభై అయిదు."

ఈ నాలుగు ప్రశ్నలూ అలంకారానికి కాదు. సంఘటన ఏమిటో, బయటివాళ్ళకి కనిపించేదిగా, గడువుతో, నమ్మకపు అంకెతో సహా కాగితం మీదికి వచ్చింది. "ఏదో అవుతుంది" అన్నదాన్ని పరీక్షించలేం. "నిమిషం దాటితే స్పృహ తప్పి పడతాను" అన్నదాన్ని స్టాప్‌వాచ్‌తో పరీక్షించవచ్చు. ఆ నిమిషమన్న గడువే వ్యాయామం ఎంతసేపుండాలో కూడా చెప్పేసింది. నలభై సెకన్లు చేయించి ఆపితే వ్యర్థం, ఎందుకంటే ఆమె లెక్క ప్రకారం ప్రమాదం ఇంకా మొదలే కాలేదు. నిమిషం దాటాలి.

మొదటిసారి, నోటితో, మామూలు కంటే మూడు రెట్ల వేగంతో, బెలూన్ ఊదుతున్నంత బలంగా. ఇరవై సెకన్లకి చెయ్యి లేచింది. నలభై దగ్గర ఆమె రెండడుగులు వెనక్కి వేసి కుర్చీ వెన్ను పట్టుకుంది, ఊపిరి నెమ్మదించింది. థెరపిస్టు ఓదార్చలేదు, తప్పనలేదు. "పట్టుకోకపోతే ఏమయ్యేదంటారు?" అని అడిగింది. "పడేదాన్ని." నమ్మకం ఎనభై అయిదు అలాగే ఉంది. ఇది వైఫల్యం కాదు. ఏ చేష్ట ఈ భయాన్ని బతికిస్తోందో కళ్ళెదుట దొరికింది. కుర్చీలు గదిలోంచి బయటికి వెళ్ళాయి.

రెండోసారి నిమిషం పది సెకన్లు. ఆమె పాదాలు దూరంగా పెట్టి, మోకాళ్ళు బిగించి నిలబడింది. చూసేవాళ్ళకి పూర్తిచేసినట్టే కనిపిస్తుంది. కానీ నమ్మకం ఎనభై దగ్గరే ఉందని చెప్పగానే మంచి థెరపిస్టుకి అనుమానం రావాలి. "ఈసారి పడకుండా ఏదైనా చేశారా?" అని అడిగితే బిగించిన మోకాళ్ళ సంగతి తెలిసింది. మూడోసారి పాదాలు దగ్గరగా, మోకాళ్ళు వదులుగా, నిమిషంన్నర. ఆమె తూలింది. వేళ్ళు జివ్వుమన్నాయి. భయం పదికి తొమ్మిదికి ఎగబాకింది, మొదటిసారి కంటే ఎక్కువ. కానీ ఆపేసరికి ముఖంలో తెల్లబోయిన చూపు. "పడలేదు మేడమ్" అంది. నమ్మకం యాభై. మధ్యలో విరామం ఇవ్వకుండా, లక్షణాలు పూర్తిగా చల్లారేదాకా ఆగకుండా నాలుగోసారి, అయిదోసారి. నమ్మకం ముప్పై అయిదు, ఇరవై.

మూడోసారి భయం పెరిగినప్పుడు చాలామంది చేతులెత్తేస్తారు. భయం తగ్గితేనే చికిత్స పనిచేసినట్టన్న పాత లెక్క మన తలల్లో ఉంది. క్రాస్కీ తర్వాతి పనిలో, ముఖ్యంగా 2014లో తోటివారితో కలిసి రాసిన వ్యాసంలో, ఈ లెక్క మారింది. వ్యాయామం చివర భయం ఎంతకి దిగిందన్నది తర్వాత ఎలా ఉంటాడో అంత బాగా చెప్పదు. ఏం జరుగుతుందనుకున్నాడు, ఏం జరిగింది, ఆ రెంటి మధ్య దూరం ఎంత అన్నదే ముఖ్యం. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త జ్ఞాపకం ఒకటి నిలబడి దాన్ని అదుపులో పెడుతుంది. కాబట్టి భయం తొమ్మిదిలో ఉండగా పడకపోవడమే, రెండులో ఉండగా పడకపోవడం కంటే విలువైన పాఠం. అయిదుసార్లూ అయ్యాక థెరపిస్టు అడిగినవి మూడే: ఏమవుతుందనుకున్నారు, ఏమైంది, దీన్నిబట్టి మీకేం తెలిసింది. జవాబు ఆమె మాటల్లోనే, ఆమె చేతి రాతలోనే ఉండాలి. ఆమె రాసింది: "కళ్ళు తిరగడం వేరు, పడిపోవడం వేరు."

విరామం సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. బ్రెట్ డీకన్ బృందం 2013లో ఈ వ్యాయామాన్ని పలు మోతాదుల్లో పోల్చి చూసింది. విశ్రాంతి లేకుండా వరసగా, భయపడ్డ సంఘటన మీద నమ్మకం పోయేదాకా చేయించిన తీవ్రమైన పద్ధతే ఎక్కువ పనిచేసింది. అయినా క్లినిక్కుల్లో మెత్తటి పద్ధతే ఎక్కువ కనిపిస్తుంది. కొంచెం చేయించడం, పొట్టతో ఊపిరి పీల్పించి చల్లార్చడం, మళ్ళీ కొంచెం. పేషెంటు తట్టుకోలేడేమో, మన చేతుల్లో ఏమైనా అవుతుందేమో అన్న భయం దీని వెనక ఉంటుంది. ఆ భయం పేషెంటు భయానికి కవలపిల్ల. థెరపిస్టు గొంతులో అది పలికిందంటే పేషెంటు పట్టేస్తాడు. చేయించేవాళ్ళు ముందు తామే నిమిషంన్నర నిలబడి పీల్చి చూడాలంటాను. పేషెంటుతో పాటు చేసి చూపించడమూ మంచిదే, మొదటిసారి ఒక్కసారికి.

ఊపిరి అభ్యాసం కథలో నాకు బాగా గౌరవం కలిగించే విషయం ఒకటుంది. ఆల్బనీ పద్ధతిలో మొదట శ్వాస శిక్షణ కూడా ఒక భాగమే. నెమ్మదిగా, పొట్టతో పీల్చడం నేర్పేవారు. పేషెంట్లకి అది ఇష్టం కూడా. కానీ అటాక్ వచ్చినప్పుడల్లా నెమ్మదిగా పీల్చేవాడు చివరికి "నెమ్మదిగా పీల్చబట్టి సరిపోయింది" అనే అంటాడు. 2000లో నార్మన్ ష్మిట్ బృందం శ్వాస శిక్షణతోనూ, అది లేకుండానూ చికిత్స ఇచ్చి చూస్తే, దానివల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు. 2018లో పాంపోలీ తదితరులు ఎన్నో పరిశోధనలని భాగాలవారీగా విడదీసి చూసినప్పుడు, ఇంటెరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ ఉన్న చికిత్సలే మెరుగ్గా తేలాయి. కండరాల రిలాక్సేషన్ చేర్చిన చోట ఫలితం తగ్గింది. క్రాస్కీ తర్వాతి రాతల్లో శ్వాస శిక్షణకి ప్రాధాన్యం తగ్గుతూ వచ్చింది. తాము కట్టినదాంట్లోంచి అందరికీ నచ్చిన భాగాన్ని ఆధారాలు చూసి పక్కకి జరపడం చిన్న పని కాదు. మన దగ్గర ప్రాణాయామం రోజూ చేసే పేషెంట్లు చాలామంది ఉంటారు. పొద్దున్న చేసుకునే సాధనకి మనం అడ్డం చెప్పనక్కర్లేదు. దడ వచ్చిన క్షణంలో విరుగుడుగా వాడకూడదని మాత్రం చెప్పాలి.

సెషన్ బాగా జరిగాక వారం తర్వాత పేషెంటు ఒక మాటతో వస్తాడు. ఇది దాదాపు ప్రతి కేసులోనూ వస్తుంది. "అక్కడ మీరున్నారు కాబట్టి సరిపోయింది. పైగా నేనే తెప్పించుకున్నాను కదా, దానంతట అదే వస్తే వేరు." రెండూ న్యాయమైన అభ్యంతరాలే. వాదించి గెలవాల్సినవి కావు, తర్వాతి రెండు వ్యాయామాలవి. మొదటిదానికి హోంవర్క్. ఇంట్లో ఒంటరిగా, భర్తకి ఫోన్ చేయకుండా, రోజూ. రెండోదానికి దడ ఎప్పుడొస్తుందో పూర్తిగా చేతిలో ఉండని పనులు కావాలి. టీచరుగారు మానేసిన ఫిల్టర్ కాఫీ మళ్ళీ మొదలైంది, మధ్యాహ్నం క్లాసుకి ముందు. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కింది. ఆదివారం కూతురితో ఒప్పులకుప్ప ఆడింది, ఆగాక గోడ పట్టుకోకుండా. ఆఖరికి స్టాఫ్ రూంలో నిమిషం పాటు వేగంగా పీల్చి, తల తేలిపోతుండగానే క్లాసులోకి వెళ్ళి నిలబడి బోర్డు మీద రాసింది. అక్షరాలు వంకరపోయాయి. ఒక పిల్లాడు అడిగాడట, "టీచర్, ఇది ఏడా, ఒకటా?" అని. ఆమె సరిచేసి పాఠం కొనసాగించింది.

గుండె భయానికి మెట్లు, పరుగు. అక్కడ ఆక్సీమీటరే అడ్డం వచ్చింది. పరుగెత్తి వచ్చి వేలికి తగిలించుకుని, అంకె 140 నుంచి 100కి దిగేదాకా చూస్తూ కూర్చునేది. దాంతో ప్రతి పరుగూ "అంకె దిగబట్టి" క్షేమంగా ముగిసేది. పరికరం ఇంట్లోంచి వెళ్ళిపోయాక, పరుగు ఆపి కూర్చోకుండా వెంటనే అంట్లు తోమడం మొదలెట్టాక గానీ నమ్మకం కదలలేదు. సార్బిట్రేట్ సంగతి వేరు. అది ఆమెకి డాక్టరు రాసిన మందు కాదు, పైగా రక్తనాళాలని వదులుచేసే మందు కాబట్టి తలనొప్పి, తల తిరగడం తనే తెప్పించగలదు. డాక్టరుని అడిగి, వద్దనిపించుకుని, తీసేయించారు. అల్ప్రజోలం లాంటి మాత్రలు డాక్టరు రాసి, రోజూ వేసుకుంటున్నవారి విషయంలో సైకాలజిస్టు సొంతంగా ఏదీ మార్చకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రమాదం. సైకియాట్రిస్టుతో కలిసి, ముందుగా "అవసరమైతే" అని జేబులో పెట్టుకునే మాత్రని, తర్వాత నెమ్మదిగా మోతాదుని తగ్గించుకుంటూ రావాలి. 2000లో బార్లో తదితరులు 312 మందితో చేసిన పెద్ద పరిశోధనలో, మందులు ఆపేశాక, ఇమిప్రమిన్‌తో కలిపి సీబీటీ తీసుకున్నవారి కంటే, ఆ మందు లేకుండా సీబీటీ తీసుకున్నవారిలో మెరుగు ఎక్కువగా నిలిచింది. బహుశా వాళ్ళకి "మాత్ర వేసుకోబట్టి" అనుకునే వీలు లేకపోవడం వల్లేమో.

ఇక ఎక్కడ ఆగాలో. ఈ వ్యాయామాలు ఆరోగ్యంగా ఉన్న ఒంటికి ప్రమాదం కావు, అనారోగ్యంగా ఉన్న ఒంటికి కావచ్చు. గుండె జబ్బు, మూర్ఛ, తీవ్రమైన ఆస్తమా, అదుపులో లేని బీపీ, గర్భం ఉన్నవారికి డాక్టరు ఒప్పుకుంటే తప్ప చేయించకూడదు. మెడ సమస్య ఉంటే తల ఊపే వ్యాయామాలు వదిలేయాలి. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే, దడకీ కళ్ళు తిరగడానికీ అదొక్కటే చాలు. దడ స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, అలాగే ఒక్కసారిగా ఆగిపోతుంటే, నాడి 150 దాటుతుంటే, అది ఎస్వీటీ కావచ్చు. చాలామంది ఎస్వీటీ రోగులు ఏళ్ళ తరబడి "టెన్షన్" పేరుతో తిరుగుతారు. శ్రమ చేస్తుండగా స్పృహ తప్పినవారిని, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉన్నవారిని కార్డియాలజిస్టు చూడకుండా ముట్టుకోకూడదు. మంచంమీద పక్కకి తిరిగినప్పుడల్లా కొద్ది సెకన్లు గది తిరిగితే ఈఎన్టీ డాక్టరుకి చూపించాలి. రక్తం చూసి నిజంగానే సొమ్మసిల్లిన చరిత్ర ఉన్నవారికి "పడిపోరు" అన్న వివరణే తప్పు, వాళ్ళలో బీపీ నిజంగా పడుతుంది. వాళ్ళ చికిత్స వేరు. వేగంగా పీల్చిన వెంటనే ఊపిరి బిగబట్టి ముక్కడం ఎవరిచేతా చేయించకూడదు, ఆరోగ్యవంతులు కూడా అలా చేస్తే స్పృహ తప్పొచ్చు.

ఒకసారి డాక్టరు సరే అన్నాక మాత్రం ఆ తలుపు మూసేయాలి. "ఇంకోసారి ఎకో తీయించుకుంటే ధైర్యంగా చేస్తాను" అన్న పేషెంటుకి మూడో ఎకో కూడా ఆక్సీమీటర్ లాంటిదే. కొత్త లక్షణం వస్తే తప్ప కొత్త పరీక్ష వద్దని డాక్టరూ, సైకాలజిస్టూ ముందే ఒక మాట అనుకుని ఉంటే, పేషెంటు ఇద్దరి మధ్య తిరగాల్సిన పని ఉండదు.

చివరి సెషన్‌లో మా టీచరుగారి చేత ఒక కాగితం రాయించారు. వచ్చే మే నెల ఎండల్లోనో, జ్వరం వచ్చి లేచాకనో, నిద్ర లేని రాత్రి తర్వాతో దడ తప్పకుండా వస్తుందన్న లెక్కతో రాసినది. అందులో మొదటి వాక్యం ఆ రోజు ఏమవుతుందని అనిపిస్తుందో. రెండోది ఆమెకి కూర్చోవాలనిపిస్తుందని. మూడోది నిలబడి బోర్డు మీది లెక్క పూర్తిచేయాలని. మరుసటి వారంలోగా, మంచి రోజే అయినా సరే, హైపర్‌వెంటిలేషన్ మూడుసార్లు నిలబడి చేయాలని అడుగున రాసుకుంది. పక్కన నెల నెలా గుర్తుపెట్టే గళ్ళు గీసి, మొదటి గడిలో జనవరి అని వేసింది.